రెండు కుండీలు, ఒకటే వాలకం

బావ నడుము పట్టేసిన ఏడాదే ఆ రాళ్ళ పద్ధతి పుట్టింది.

అంతకుముందు ఆయనకు రాయీ రప్పా అక్కర్లేదు. ఆఫీసుల్లో, బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో పూలకుండీలు పెట్టి, వారానికి రెండుసార్లు వెళ్ళి నీళ్ళు పోసి, ఆకుల మీద దుమ్ము తుడిచి, పోయినదాన్ని తీసేసి కొత్తదాన్ని పెట్టి రావడం ఆయన వృత్తి. కుండీ అంచు పట్టుకుని కొంచెం ఒక పక్కకు వంచేవాడు. తేలిగ్గా లేచిందంటే దానికి దాహం. మొండికేసి కూర్చుందంటే దానికి ఇవాళ ఏమీ అక్కర్లేదు. ఇంకా అనుమానం ఉంటే వేలు లోపలికంటా గుచ్చి చూసేవాడు. ఆ వేలి గురించి ఆయన భార్య తమ్ముడు, అంటే బావమరిది, చెప్పే కబుర్లకు అంతు లేదు.

"మా బావ మట్టిలో వేలు పెడితే ఎప్పుడు పోశారో చెప్తాడు, ఎవరు పోశారో చెప్తాడు, పోసినవాడు ఆ పొద్దున పెళ్ళాంతో పోట్లాడి వచ్చాడో లేదో కూడా చెప్తాడు" అనేవాడు వెళ్ళిన ప్రతి చోటా. వినేవాళ్ళు నవ్వితే, "నవ్వండి నవ్వండి. ఓ బ్యాంకులో అందరూ కలిసి ఎన్ని నీళ్ళు పోశారంటే ఆ కుండీలో చేప పుట్టింది. మేనేజరు దానికి తిండి కూడా వేశాడు" అని ఇంకొకటి వదిలేవాడు.

నడుము పోయాక వంగడం పోయింది. వంచడం అంతకంటే ముందే పోయింది. డాక్టరు బరువులు ఎత్తొద్దన్నాడు, వంగొద్దన్నాడు, మెట్లు వద్దన్నాడు. "ఊపిరి పీల్చుకోవచ్చా అని అడగాల్సింది బావా" అన్నాడు బావమరిది. అప్పటినుంచి వంతులు పెట్టుకున్నారు. వారంలో మొదటిసారి బావ, రెండోసారి బావమరిది. వ్యాన్ ఒకటే, మనుషులు ఇద్దరు, ఒకరు వెళ్ళినచోట ఇంకొకరు ఏం చేశారో తెలియడానికి కుండీకో గులకరాయి. నీళ్ళు పోసినవాడు రాయిని మొక్కకు కుడిపక్కన పెట్టాలి. కుడిపక్కన రాయి కనిపిస్తే తర్వాత వచ్చినవాడు నీళ్ళు పోయకుండా దాన్ని ఎడమకు జరిపి వెళ్ళాలి. ఎడమపక్కన ఉంటే నీళ్ళు పోసి కుడికి జరపాలి. నిలబడే చూడొచ్చు, వంగక్కర్లేదు, చెయ్యి చాపితే చాలు. ఈ ఉపాయం తట్టిన రోజు బావ మొహంలో ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చూడనంత గర్వం కనిపించింది. ఆయన భార్య మాత్రం, "మొక్కను అడగడం మానేసి రాయిని అడుగుతారా ఇకమీదట?" అంది. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

వీళ్ళ పనుల్లో పెద్దది కళ్ళ ఆసుపత్రి. అక్కడి కుండీలు చూసుకుంటేనే వ్యాన్ రోడ్డు మీద తిరుగుతుంది. అది పోయిందంటే వ్యాన్ అమ్ముకోవాలి, బావ ఆ నడుముతో ఇంకో పని వెతుక్కోవాలి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. తెలుసు కాబట్టే ఎవరూ పైకి అనరు.

ఆసుపత్రిలో పెద్ద డాక్టరు గది తలుపుకు అటొకటి ఇటొకటి రెండు పీస్ లిల్లీలు ఉండేవి. ముదురాకుపచ్చ ఆకులు, మధ్యలో తెల్లటి పూలు, తొడ ఎత్తున్న పలచటి తెల్ల పింగాణీ తొట్లు. ఆ తొట్టి ఊరికే పైకి షోకు. అసలు మొక్క దాని లోపల ఇంకో ప్లాస్టిక్ కుండీలో ఉంటుంది. ఒకే రోజు తెచ్చినవి, ఒకే ఎత్తువి. కళ్ళల్లో చుక్కలు వేయించుకుని మసకమసగ్గా కూర్చున్న రోగులు వాటిని చూసి ఒకటే మొక్క రెండుగా కనిపిస్తోందని కంగారుపడేవారట. ఇది కూడా బావమరిది చెప్పిందే.

ఆ రోజు బావ వెళ్ళేసరికి రెండూ వాడిపోయి ఉన్నాయి.

వాడడం అంటే మామూలుగా కాదు. కాడలన్నీ తొట్టి అంచు మీదుగా బయటికి వేలాడుతున్నాయి. అడుగు ఆకులు పసుపెక్కాయి. ఎడమది చూస్తే ఎలా ఉందో కుడిది చూసినా అలాగే ఉంది. ఆ రెండు మొక్కలూ తనలాగే నడుము పట్టుకుని గోడకు ఆనుకున్నట్టు అనిపించింది బావకు.

మేనేజరమ్మ వెనకనుంచి వచ్చింది. కొత్తావిడ, మాట మెత్తన, పని గట్టి. ఆమె చేతిలో ఒక ప్లాస్టిక్ పీస్ లిల్లీ ఉంది. షాపువాళ్ళు చూడమని ఇచ్చి వెళ్ళారట.

"చూడండి, దీనికి నీళ్ళు అక్కర్లేదు, మనిషీ అక్కర్లేదు. రోగులు లోపలికి రాగానే కనిపించేవి ఇవే కదా. చచ్చిపోతున్న మొక్కల్ని చూసి మా డాక్టరు హస్తవాసి మీద అనుమానం వస్తుంది వాళ్ళకి."

"అమ్మా, బాగుచేస్తాం."

"వచ్చే వారం దాకా చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే ఇవేకాదు, పైఅంతస్తు, కిందిఅంతస్తు, అన్నీ ఈ ప్లాస్టిక్‌వే తెప్పించేస్తాను. తప్పుగా అనుకోవద్దు."

తప్పుగా ఏం అనుకుంటాడు? బావకు ఆవిడ మీద కోపం కూడా రాలేదు. కోపానికి కూడా కొంత ఓపిక కావాలి. ఆ రోజు తన నడుము సహకరించక వ్యాన్ నడపడానికి తోడొచ్చి బయటే కూర్చున్న బావమరిదికి ఫోన్ చేసి లోపలికి రమ్మన్నాడు.

బావమరిది వచ్చి రెండింటినీ చూసి నోరు వెళ్ళబెట్టాడు. "ఇదేంటి బావా! పోయినసారి నేను వచ్చినప్పుడు కాస్త డల్‌గా ఉన్నాయిగానీ..."

"డల్‌గా ఉంటే నాకు చెప్పాలిగా?"

"నువ్వు మాత్రం అంతకు ముందు వచ్చినప్పుడు చూడలేదా?"

బావ గోడ పట్టుకుని, ఎంతవరకు వంగగలడో అంతవరకు వంగి, ఎడమ తొట్టిలో వేలు పెట్టాడు. గోరు మునిగేంత. తడిగా ఉంది. కుడి తొట్టిలో పెట్టాడు. తడిగా ఉంది. నడుములో ఏదో కలుక్కుమంటే లేచి నిలబడి తేల్చేశాడు.

"నీళ్ళు ఎక్కువై కుళ్ళుతున్నాయి. రెండూ."

"తడి తగిలింది కాబట్టి అలా అంటున్నావు. నాకైతే ఎండిపోయినట్టు కనిపిస్తున్నాయి. ఆ వాలిపోవడం చూడు. దాహమేస్తేనే పీస్ లిల్లీ ఇలా పడిపోతుంది."

"నీళ్ళెక్కువైనా పడిపోతుందిరా. వేళ్ళు కుళ్ళితే నీళ్ళు చుట్టూ ఉన్నా పీల్చుకోలేవు. మట్టి తడిగా ఉన్నా ఆకుకి మాత్రం ఎండాకాలమే."

"మరి ఆ పసుపు?"

"దానికీ వస్తుంది, దీనికీ వస్తుంది. పసుపు చూసి రోగం చెప్పేవాడు నీలాంటివాడే."

"తడి చూసి చెప్పేవాడు నీలాంటివాడు."

రిసెప్షన్ అమ్మాయి తల ఎత్తి ఇద్దరినీ చూసి, మళ్ళీ ఫోన్ ఎత్తుకుంది. బావమరిదికి మాట పడలేదు. రిసెప్షన్ బల్ల మీది మగ్గు తీసుకుని ఎడమ కుండీలో నీళ్ళు గుమ్మరించాడు. నీళ్ళు పైన ఒక్క క్షణం కూడా నిలవలేదు. అంచు వెంబడి జరజరా దిగిపోయి, పింగాణీ తొట్టి అడుగున బుడబుడమని చప్పుడైంది.

"చూశావా? తాగలేకే కక్కేస్తోంది. కడుపు నిండినవాడికి నువ్వు ఇంకో గ్లాసు పట్టినట్టుంది" అన్నాడు బావ.

బావమరిది మగ్గు కింద పెట్టాడు. అసలు సంగతి సరిగ్గా అక్కడే ఉందని, కళ్ళెదుటే బుడబుడమని చెప్పి వెళ్ళిందని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. వారం పాటు రెండింటికీ చుక్క నీళ్ళు పోయకూడదని బావ ఆర్డరు వేశాడు.

ఇంటికి వచ్చి నేల మీద చాప పరుచుకుని వెల్లకిలా పడుకున్నాడు. ఆయన భార్య వెనక బాల్కనీలో కొమ్మలు కత్తిరించి చిన్న కుండీల్లో గుచ్చుతోంది. ఆఫీసులకు వెళ్ళే మొక్కలన్నీ పుట్టేది ఆ బాల్కనీలోనే. చేతులకు మట్టితోనే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"రెండూ ఒక్కసారే వాడాయా?"

"ఊఁ."

"ఆకు పట్టుకుని చూశారా? మెత్తగా, బరువుగా, తడిగుడ్డలా ఉందా? కాగితంలా పలచబడి చివర్లు కరకరలాడుతున్నాయా?"

"చూడగానే తెలిసిందిలే."

"తొట్టి వంచి బరువు చూశారా?"

బావ కళ్ళు మూసుకున్నాడు. "వంచొద్దన్నాడుగా డాక్టరు."

"మిమ్మల్ని వంచొద్దన్నాడు. మా తమ్ముడి నడుముకేం రోగం? వాణ్ణి వంచమనొచ్చుగా."

"వాడితో చెప్తే వాడిదే కరెక్టంటాడు."

ఆమె వెళ్ళి వేడినీళ్ళ సంచీ తెచ్చి ఆయన నడుము కింద దోపింది. అలసిపోయిన మనిషితో వాదించడం కన్నా వేడినీళ్ళ సంచీ తేవడం తేలికని ఆమెకు చాలా ఏళ్ళ కిందటే తెలుసు.

వారం గడిచింది. ఇద్దరూ కలిసే వెళ్ళారు. బావమరిది మాట్లాడకుండా వ్యాన్ నడిపాడంటే అది కబురు పంపదగిన విషయం.

మొక్కలు ఇంకా దిగజారాయి. ఎడమదాని ఆకుల చివర్లు మాడినట్టు గోధుమరంగుకు తిరిగాయి. కుడిదాని ఆకుల మీద నల్లటి మచ్చలు తేలాయి. కానీ గుమ్మంలోంచి చూసేవాడికి రెండూ ఒకటే. వాలిపోయి, పసుపెక్కి, ఇక మా వల్ల కాదన్నట్టు.

మేనేజరమ్మ దూరం నుంచే తల ఊపింది. "తీసేయండి. రోగులు రాకముందే తీసేయండి. మిగతా సంగతి సాయంత్రం మాట్లాడుకుందాం."

సాయంత్రం మాట్లాడే ఆ మిగతా సంగతి ఏంటో ఇద్దరికీ తెలుసు. రెండు తొట్లను వెనక కుళాయిల దగ్గరికి మోసుకెళ్ళాలి. తోపుడుబండి వ్యాన్‌లోనే మర్చిపోయారు. మళ్ళీ వెళ్ళి తెచ్చే ఓపిక ఎవరికీ లేదు.

"నువ్వు ముట్టుకోకు బావా, రెండూ నేనే పెడతా" అన్నాడు బావమరిది.

"చూసేవాళ్ళు ఏమనుకుంటారు? ఒకటి నేను పడతా."

ఎడమది బావమరిది ఎత్తాడు. ఎత్తినవాడు ఎత్తినట్టే వెనక్కి తూలాడు, బరువుంటుందని కాళ్ళు బిగించుకుని లాగితే అది దూదిమూటలా లేచి వచ్చింది. కుడిది బావ పట్టాడు. అది నేల వదల్లేదు. మళ్ళీ పట్టాడు. ఈసారి అరంగుళం లేచింది, దానితో పాటు ఆయన నోట్లోంచి ఒక మూలుగు లేచింది.

"ఏం బావా, నీది నేలకు అతుక్కుందా?"

"నీది ఉత్త తొట్టా ఏంటి? మొక్క ఉందా అందులో?"

"నా బలం నీకు తెలీదులే. రోజూ..."

బావమరిది మాట మధ్యలో ఆగిపోయింది. ఎందుకంటే బావ కుడి తొట్టి వదిలేసి, నడుము పట్టుకుని అలాగే నిలబడి, అతని చేతుల్లోని తొట్టి వైపు చూస్తున్నాడు. ఆ చూపు బావమరిదికి తెలుసు. నడుము పోకముందు, వేలు మట్టిలో ఉన్నప్పుడు, ఉండే చూపు.

"అది ఇటివ్వు."

"నీ నడుము..."

"ఇటివ్వరా."

ఇచ్చాడు. బావ దాన్ని రెండు చేతుల్లో పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తి, దింపి, మళ్ళీ ఎత్తాడు. తర్వాత కుడిదాని అంచు పట్టుకుని కొంచెం వంచబోయాడు. లోపల నీళ్ళు తొణికిన చప్పుడైంది.

"ఒకటి కాదురా రోగం" అన్నాడు బావ నెమ్మదిగా. "మొహాలు ఒకటి. రోగాలు రెండు."

వెనక కుళాయిల దగ్గర, చీపుళ్ళూ బకెట్లూ ఉండే చోట, రెండింటినీ పింగాణీ తొట్లలోంచి బయటికి తీశారు. కుడిదాని తొట్టిలో సగం దాకా నీళ్ళున్నాయి, పైన జిడ్డు తేలుతోంది. ప్లాస్టిక్ కుండీ బోర్లించి మొక్కను బయటికి లాగితే మురుగుకాలువ వాసన గుప్పున కొట్టింది. వేళ్ళు నల్లగా, మెత్తగా ఉన్నాయి. బావ ఒకదాన్ని రెండు వేళ్ళతో పట్టి లాగితే పైతోలు ఊడి చేతిలోకి వచ్చింది, లోపల సన్నటి దారం ఒక్కటి మిగిలింది. మొదలు దగ్గర నొక్కితే మెత్తగా లోపలికి పోయింది. కొన్ని కాడలు మాత్రం ఇంకా గట్టిగా ఉన్నాయి.

ఎడమదాన్ని లాగక్కర్లేకపోయింది. అదే కుండీలోంచి జారి వచ్చింది. మట్టి ఎండి కుదించుకుపోయి కుండీ గోడకూ దానికీ మధ్య వేలు దూరేంత సందు ఉంది. ముద్దంతా ఇటుకలా ఉంది, కానీ ఇటుక బరువు లేదు. పైన ఒక పొర, అడుగున ఒక పొర తడిగా ఉన్నాయి. బావ మధ్యకు విరిచి చూశాడు. లోపల పొడి రాలింది. వేళ్ళు సన్నబడ్డాయి గానీ తెల్లగానే ఉన్నాయి, లాగితే తెగలేదు, వాసనా లేదు.

"పైన తడి ఉందన్నావు కదా?" అన్నాడు బావమరిది. ఎగతాళి చేయాలని మొదలుపెట్టాడుగానీ బావ మొహం చూసి గొంతు తగ్గించాడు.

"ఉంది. పైన మాత్రమే ఉంది. కొబ్బరిపొట్టు కలిపిన ఈ తేలికమట్టి బాగా ఎండిందంటే ఇక నీళ్ళు ముట్టదు. నువ్వు పోసిన మగ్గు నీళ్ళు ఈ సందులోంచే దిగిపోయాయి. కక్కిందన్నాను నేను. నోట్లోకి పోతే కదా కక్కడానికి." బావ ఎండిన ఆకు ఒకటి పట్టుకున్నాడు. కాగితంలా ఉంది. నలిపితే చివర కరకరలాడింది. కుడిదాని ఆకు పట్టుకుంటే తడిగుడ్డలా చేతికి చుట్టుకుంది. భార్య అడిగిన రెండు ప్రశ్నలకూ రెండు జవాబులూ అక్కడే ఉన్నాయి. వారం పాటు అక్కడే ఉన్నాయి.

"సరే, ఒకదానికి ఎక్కువ, ఒకదానికి తక్కువ. కానీ ఎలా బావా? రెండింటికీ రాయి చూసే కదా పోశాం?"

"రాయి చూసే పోశాం" అన్నాడు బావ. "నువ్వు వచ్చినప్పుడు ఎడమదాని రాయి ఎటుండేది?"

"కుడిపక్కన. నువ్వు పోశావనుకుని వదిలేసేవాణ్ణి."

"నేను వచ్చినప్పుడూ కుడిపక్కనే ఉండేది. నువ్వు పోశావనుకున్నా. మరి ఈ రెండోదాని రాయి?"

"ఎడమపక్కన. ప్రతిసారీ నేనే పోయాల్సి వస్తోందని నిన్ను తిట్టుకునేవాణ్ణి కూడా."

"నేను నిన్ను."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడే బకెట్ కోసం ఆసుపత్రి ఊడ్చే ఆయమ్మ వచ్చింది. వానలు వెనకబట్టాక, ఈమధ్యే పనిలో చేరిన మనిషి. కింద పడున్న రెండు గులకరాళ్ళను చూసి జాలిపడింది.

"అయ్యో, తీసేశారా? రోజూ నేలంతా తుడిచాక వాటిని సర్దేదాన్ని. ఎవరో ఇష్టమొచ్చినట్టు పడేసి పోయేవారు, ఒకటి అటు ఒకటి ఇటు. డాక్టరుగారి తలుపు కదా, చూడముచ్చటగా ఉండాలని రెండూ తలుపు వైపుకు, ఎదురెదురుగా చూసుకుంటున్నట్టు పెట్టేదాన్ని."

తలుపు వైపుకు. అంటే ఎడమ కుండీలో కుడిపక్కకు, కుడి కుండీలో ఎడమపక్కకు. ఎడమదాని రాయి ఎప్పుడు చూసినా 'పోశాను' అనే చెప్పేది. కుడిదాని రాయి ఎప్పుడు చూసినా 'పోయాలి' అనే చెప్పేది. మిగతా కుండీలు మూలల్లో ఒంటరిగా ఉంటాయి, వాటికి ఎదురు చూసుకునే జోడీ లేదు, అందుకే బతికిపోయాయి.

"రిసెప్షన్ పాప కూడా పొద్దున్నే సీసాల్లో మిగిలిన నీళ్ళు ఆ ఎడమదాంట్లో ఒంపుతుంది, పాపం. వాడిపోయిందని" అంది ఆయమ్మ.

పైన తడి ఎక్కడిదో అదీ తేలిపోయింది. ఆయమ్మ మొహం ఇద్దరి మొహాలూ చూసి వాడింది. "నేనేమైనా తప్పు చేశానా అన్నా?"

"లేదమ్మా" అన్నాడు బావ. "రాయి ఎందుకుందో నీకెవరు చెప్పారు? మేమే చెప్పలేదు." ఆయన బకెట్ మీద కూర్చున్నాడు. నవ్వు వచ్చింది, కానీ నవ్వితే నడుము కదులుతుందని ఆపుకున్నాడు. "మొక్కను అడగడం మానేసి రాయిని అడుగుతారా అంది మీ అక్క."

"అక్క ఏం చెప్పినా మనం వినకపోవడం ఇది మొదటిసారా?"

పని మొదలుపెట్టారు. ఎండినదాన్ని కుండీలో మళ్ళీ కూర్చోబెట్టి, కుండీతో సహా బకెట్ నీళ్ళలో ముంచి, తేలిపోకుండా పైన తడిపిన గుడ్డ, దాని మీద ఒక ఇటుక పెట్టారు. చాలాసేపు బుడగలు పైకొచ్చాయి. బావమరిది వాటిని చూస్తూ కూర్చుని, "గుక్కలు గుక్కలుగా తాగుతోంది బావా, పెళ్ళివారిలా" అన్నాడు. బుడగలు ఆగాక తీసి, నీళ్ళు మొత్తం కారిపోయేదాకా కుళాయి గట్టు మీద పెట్టారు. తడిసి కుళ్ళినదాని వేళ్ళలో నల్లవన్నీ కడిగిన కత్తెరతో కత్తిరించారు. మెత్తబడ్డ కాడలు, పసుపు ఆకులు తీసేశారు. మురిగిన మట్టి పారేశారు. మిగిలింది గుప్పెడు. దాన్ని ఒక చిన్న కుండీలో వ్యాన్‌లో ఉన్న కొత్త మట్టితో నాటి, చెమ్మ తగిలేంత మాత్రం నీళ్ళు చిలకరించారు.

"బతుకుతుందా?"

"చెప్పలేను. ఎండినది లేచి నిలబడుతుంది. మునిగినది బతికినా చాలాకాలం మంచం మీదే."

సాయంత్రం దాకా ఆగకుండా బావ మేనేజరమ్మ గదికి వెళ్ళాడు. ఎండిన మొక్కను బావమరిది మోసుకొచ్చి గుమ్మం దగ్గర పెట్టాడు. అది ఇంకా వాలిపోయే ఉంది.

"తప్పు మాదేనమ్మా. ఒకదానికి అసలు పోయలేదు, ఒకదానికి ఆపకుండా పోశాం" అన్నాడు బావ. రాళ్ళ కథంతా చెప్పాడు, ఆయమ్మ చెయ్యి సంగతి మాత్రం చెప్పలేదు.

మేనేజరమ్మ రాతి కథ విని నవ్వాలో వద్దో తెలియక పెన్ను తిప్పింది. "మరి ఇది చచ్చినట్టే ఉందిగా?"

"రేపు పొద్దున చూడండి. లేవకపోతే మమ్మల్ని పిలవొద్దు. ప్లాస్టిక్‌వాళ్ళని పిలవండి."

తలుపు బయటికి వచ్చాక బావమరిది గొణిగాడు. "అంత ధీమాగా చెప్పేశావేంటి? లేవకపోతే?"

"వేళ్ళు తెల్లగా ఉన్నాయిరా."

"ఉంటే?"

"లేవకపోతే వ్యాన్ అమ్మేద్దాం. నాకు కూడా ఓపిక లేదు" అన్నాడు బావ.

అది మాత్రం అబద్ధం. రాత్రంతా ఆయనకు నిద్ర లేదు. నడుము వల్లేనని భార్యకు చెప్పాడు. ఆమె నమ్మినట్టు నటించింది.

మర్నాడు ఇద్దరూ వెళ్ళేసరికి పీస్ లిల్లీ తలుపుకు ఎడమ వైపు నిలబడి ఉంది. పసుపు ఆకులు పసుపుగానే ఉన్నాయి, అవి ఇక పచ్చబడవు. మాడిన చివర్లు మాడే ఉన్నాయి. కానీ కాడలన్నీ లేచాయి, ఎవరో లోపలినుంచి దారాలు బిగించినట్టు. రిసెప్షన్ అమ్మాయి చూసి చప్పట్లు కొట్టబోయి, రోగులున్నారని ఆపుకుంది.

మేనేజరమ్మ వచ్చి చుట్టూ తిరిగి చూసింది. "సరే. మిగతావన్నీ మీరే చూసుకోండి" అంది. "కానీ ఈ కుడివైపు ఖాళీగా ఉండకూడదు. ఇది మాత్రం ఇక్కడే ఉంటుంది." షాపువాళ్ళు ఇచ్చిన ప్లాస్టిక్ మొక్క అక్కడ పింగాణీ తొట్టిలో దర్జాగా నిలబడి ఉంది. బావ తలూపాడు. వ్యాన్ మిగిలింది, అదే చాలు.

రాళ్ళన్నీ ఏరి పారేశారు. ఇకనుంచి ప్రతి కుండీనీ వంచి చూడాలి, అనుమానం వస్తే వేలు లోపలికంటా గుచ్చాలి. బరువైనవి బావమరిది వంచుతాడు, బావ అంచు మీద చెయ్యి వేసి బరువు కనుక్కుంటాడు. దానివల్ల పని రెండింతలైంది. ఇంటికి వచ్చేసరికి ఇద్దరూ చాప కోసం పోటీ పడుతున్నారు. బాల్కనీలో చిన్న కుండీలోని గుప్పెడు మొక్క ఇంకా ఒక్క ఆకు కూడా వేయలేదు, చావలేదు కూడా. బావ భార్య దాని దగ్గరికి ఎవరినీ రానివ్వడం లేదు, నీళ్ళ చెంబు పట్టుకున్నవాళ్ళనైతే అసలే.

కొన్నాళ్ళకు ఆసుపత్రిలో ఎడమ కుండీ వంచి చూసి, సరిపోయిందనుకుని వదిలేసి వెళ్ళబోతుంటే బావమరిది పిలిచాడు.

"బావా, దీన్ని కూడా చూడు."

"ప్లాస్టిక్‌దాన్ని ఏం చూస్తాంరా?"

"చూడు ఒకసారి."

బావ నిట్టూర్చి వచ్చి ప్లాస్టిక్ మొక్క తొట్టి అంచు పట్టుకుని వంచబోయాడు. కదల్లేదు. గట్టిగా పట్టుకుని వంచితే లోపల నీళ్ళు తొణికాయి. రిసెప్షన్ అమ్మాయి వైపు ఇద్దరూ తిరిగారు.

"అది వాడిపోకుండా ఉందని" అంది ఆ అమ్మాయి సిగ్గుపడుతూ, "నా నీళ్ళు దానికి పడుతున్నాయనుకున్నా."

బావ తొట్టిని నెమ్మదిగా మళ్ళీ నేలకు దించాడు. నడుము మీద చెయ్యి వేసుకున్నాడు.

"తీసుకెళ్ళి ఒంపెయ్‌రా" అన్నాడు. "దీనికీ ఎక్కువైంది."